పేరులో ఎంత చెప్పాలి

కోయిలకుంట్లలో పెరిగినవాళ్లకు ఒక కథ ముగింపు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇక్కడి ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఆయన్ని ఉరితీశారు. తలను 1877 దాకా కోటగుమ్మానికి వేలాడదీసి ఉంచారని పెద్దలు చెబుతారు. 2019లో ఆయన మీద సినిమా వచ్చినప్పుడు, ఆయన బతికి బయటపడతాడా లేదా అని తెలుసుకోవడానికి మా ఊరినుంచి ఎవరూ వెళ్లలేదు. అంత సైన్యం వెంటపడితే అన్ని నెలలు ఎలా నిలబడ్డాడు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు ఆచూకీ చెప్పారు అన్నవాటి కోసం వెళ్లారు. ఆ సినిమాకు జానపదులు పాడుకునే పిలుపునే పేరుగా పెట్టారు: ‘సైరా నరసింహారెడ్డి’. ఆ పేరులో ఉరికొయ్య లేదు, తల లేదు, కోట లేదు. మనిషిని పిలిచిన పిలుపు ఒక్కటే ఉంది.

ముగింపు తెలిసినంత మాత్రాన కథ పాడవదని మా ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పాడు చేసేది మరొకటి ఉంటుంది. అదేమిటన్నది నాకు పూర్తిగా బోధపడింది మా మిత్రుడు తీసిన ఒక డాక్యుమెంటరీకి పేరు వెతికేటప్పుడు. ఆ సినిమా కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల కంబళి నేత గురించి. కథంతా ఇక్కడ విప్పి చెప్పడానికి ఆయన ఒప్పుకున్నాడు. చెప్పకపోతే పేరు సంగతి అర్థం కాదు.

అంతరిస్తున్న చేతిపని మీద సినిమా అనగానే అందరికీ తోచే మాట ‘చివరి’. చివరి నేతగాడు, చివరి మగ్గం, చివరి కంబళి. మా మిత్రుడి కాగితం మీద కూడా మొదట ఉన్న పేరు అదే. ‘చివరి కంబళి’. వినగానే గుండె కలుక్కుమంటుంది. పోస్టరు మీద బాగానే ఉంటుంది. అయినా ఆ పేరు మూడు రకాలుగా చెరుపు చేస్తుంది.

మొదటిది, అది నిజం కాకపోవచ్చు. పక్క ఊళ్లో ఇంకొకరి గుంటమగ్గం ఆడుతుండవచ్చు. అలాంటి ఒక్క మనిషి బయటపడ్డాడంటే సినిమా మొత్తం మీద నమ్మకం పోతుంది. రెండోది, తెర మీద కూర్చున్న పెద్దాయన బతికే ఉన్నాడు. ఉదయం లేచి గొర్రెలకు మేత చూసుకుంటున్నాడు. ఆయన్ని ‘చివరి’ అన్నామంటే కళ్లెదుటే పాడె కట్టినట్టు. మూడోది అన్నిటికన్నా పెద్దది. ‘చివరి’ అని విన్న ప్రేక్షకుడు సంతాపసభకు వచ్చినట్టు వచ్చి కూర్చుంటాడు. ఆ చేతులను జాలిగా చూస్తాడు తప్ప శ్రద్ధగా చూడడు. నూలు ఎందుకు తెగలేదు, పడుగుకు ఏం పూశారు అన్న ప్రశ్న అతనికి పుట్టదు. పోయిన మనిషి ఏ పని ఎలా చేసేవాడో పరామర్శకు వెళ్లినచోట అడగం కదా.

అంటే ఇలాంటి సినిమాలో చావు రహస్యం కాదు. మొదటి నిమిషంలో దుమ్ము పట్టిన మగ్గం కనిపించగానే అది తెలిసిపోతుంది. దాచుకోవలసిన రహస్యాలు రెండే. ఆ పని ఎలా జరిగేది అన్నది ఒకటి, ఎక్కడ తెగింది అన్నది రెండోది. పేరు చెడగొట్టగలిగేది వీటినే.

మా మిత్రుడి సినిమాలో ఈ రెండూ ఏమిటో చెప్పాలి. కంబళికి కావలసింది ముతక నల్ల ఉన్ని. ఏడాదికి రెండుసార్లు గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తారు. ఒక్కో గొర్రెకు ఒక్కో కత్తిరింపులో అరకిలో కూడా రాదు. ఒక కంబళికి రెండు మూడు కిలోలు పడుతుంది కాబట్టి దాని వెనక అయిదారు గొర్రెలైనా ఉన్నట్టే. ఆ బొచ్చును చిక్కుతీసి, ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. చేత్తో వడికిన ఉన్నినూలు పొట్టి పోగులది, నూగునూగుగా ఉంటుంది. అలాగే మగ్గానికి ఎక్కిస్తే ఒకదానికొకటి చిక్కుకుని తెగిపోతుంది. అందుకే చింతపిక్కలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, గంజిలా కాస్తారు. పడుగును వీధిలో గూటాల మధ్య బారుగా లాగి కట్టి, ఆ గంజిని పెద్ద కుంచెతో రెండువైపులా పట్టించి ఎండబెడతారు. నూగు అణిగి పోగు బిర్రబిగుస్తుంది. కొత్త కంబళి అట్టలా గరుకుగా ఉండడానికి కారణం ఆ గంజే. వానలో గొర్రెలకాపరి దాన్ని తలమీదుగా ముసుగులా వేసుకుని నిలబడితే పైన పడిన చినుకు చాలావరకు జారిపోతుంది. లోపలికి ఇంకినా ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను తాగి కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. పక్కనే చలిమంట నుంచి నిప్పురవ్వ ఎగిరిపడితే ఉన్ని సులభంగా అంటుకోదు. కమిలి ఆరిపోతుంది. బయట పడుకునే మనిషికి ఇంతకన్నా నమ్మకమైన గుడ్డ లేదు.

ఇంత చూసిన ప్రేక్షకుడు ఒక జవాబు ముందే సిద్ధం చేసుకుంటాడు. పవర్‌లూమ్ వచ్చింది, మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి, నేత పోయింది అని. నేత మీద సినిమాలన్నీ అతనికి అదే నేర్పాయి. అందులో నిజమూ ఉంది. కానీ పెద్దాయన ఇంట్లో మగ్గం ఆగింది మిల్లు దగ్గర కాదు, మంద దగ్గర.

మాంసం ధర పెరిగేకొద్దీ కాపరులు నల్ల ఉన్ని గొర్రె మందల్లోకి నెల్లూరు జాతి పొట్టేళ్లను తెచ్చి విడిచారు. నెల్లూరు గొర్రె ఎత్తు, బరువు ఎక్కువ. పిల్లలు త్వరగా ఎదుగుతాయి. సంతలో మంచి ధర వస్తుంది. దాని ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుక మాత్రమే. లెక్క చిన్నదే. మొదటి ఈతలో పుట్టిన పిల్లలో సగం నెల్లూరు రక్తం. ఆ ఆడపిల్లలను మళ్లీ నెల్లూరు పొట్టేలుకే కట్టిస్తే తర్వాతి తరంలో ముప్పాతిక. ఇంకో తరానికి ఎనిమిదింట ఏడు వంతులు. గొర్రెపిల్ల ఎదిగి తల్లి కావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అయిదారేళ్లు తిరిగేసరికి అదే కాపరి, అదే మంద, అదే దారి, కానీ ఒంటిమీద వడకదగ్గ ఉన్ని లేదు. తెగులు రాలేదు, కరువు రాలేదు. ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా కంటికి ఆనలేదు. ప్రతి కత్తిరింపులో కాస్త తక్కువ, కాస్త గరుకు, అంతే.

సినిమా నలభై నిమిషాలు. ముప్పై ఒకటో నిమిషంలో కత్తిరింపు దృశ్యం ఉంటుంది. మందకు ఇప్పటికీ కత్తిరింపు చేయించాలి, లేకపోతే ఎండాకాలం గొర్రె తట్టుకోదు. కత్తెర పట్టినవాళ్లకు కూలి ఇస్తారు. కత్తిరించినదాన్ని కంచె పక్కన పారబోస్తారు. పెద్దాయన వెళ్లి ఆ కుప్పలోంచి ఒక పీచు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెలిపెడతాడు. మంచి ఉన్ని అయితే మెలి నిలుస్తుంది, పోగులో ఉన్న సన్నటి వంకరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వెంట్రుకకు ఆ వంకర లేదు. వదలగానే విచ్చుకుంటుంది. ఆయన మూడుసార్లు మెలిపెడతాడు. మూడుసార్లూ విచ్చుకుంటుంది. దేన్నీ తిట్టడు. ఆ మంద ఎవరిది అని వెనకనుంచి మా మిత్రుడు అడిగితే, మాదే నాయనా అంటాడు. మొట్టమొదటి నెల్లూరు పొట్టేలును కొనుక్కొచ్చింది ఆయన ఇంటివాళ్లే. పెద్దకొడుకు చదువుకు, బిడ్డ పెళ్లికి డబ్బు కావాలి, ఆ డబ్బు పొట్టేలు ఇచ్చింది. కొడుకు ఇప్పుడు నంద్యాలలో ఉద్యోగం చేస్తున్నాడు.

ఈ ముప్పై ఒకటో నిమిషాన్ని కాపాడే పేరు కావాలి. దానితోపాటు పేరు మనిషిని ఆపి కూర్చోబెట్టాలి కూడా. ఒకప్పుడు ఈ రెండో బాధ్యత ఉండేది కాదు. 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్ డాక్యుమెంటరీలను సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు వేసేవారు. ప్రేక్షకుడు అప్పటికే టికెట్ కొని కుర్చీలో ఉన్నాడు. పేరు ఏదైనా చూడక తప్పదు. అందుకే ఆనాటి పేర్లు చాలావరకు డబ్బా మీద అతికించిన చీటీలా ఉంటాయి, ఫలానా జిల్లా ఫలానా పరిశ్రమ అని. ఇప్పుడు చూసేవాడి చేతిలో ఫోనుంది, వేలి కింద వంద బొమ్మలున్నాయి. ‘కర్నూలు జిల్లా కంబళి నేత: ఒక పరిశీలన’ అని పెడితే అబద్ధమేమీ కాదు, కానీ ఆ వేలు ఆగదు.

అదే ఫిల్మ్స్ డివిజన్‌కు 1972లో సత్యజిత్ రాయ్ ఇరవై నిమిషాల సినిమా ఒకటి తీశాడు. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ గురించి. ఆయన నడివయసు దాటాక చూపు పోగొట్టుకుని కూడా పని ఆపలేదు. రాయ్ ఆ సినిమాకు ‘ది ఇన్నర్ ఐ’ అని పేరు పెట్టాడు. అందులో అంధత్వం మాట లేదు, చిత్రకారుడు మాట లేదు. చూడకముందు అది లోచూపు గురించి ఏదో తత్వం అనిపిస్తుంది. చూశాక అది ఒక మనిషి రోజూ చేసే పనికి సరిగ్గా సరిపోయే వర్ణన అవుతుంది. ఒకే పేరు, ముందొక అర్థం, తర్వాతొక అర్థం. రెండోది మొదటిదాన్ని అబద్ధం చేయదు, బరువెక్కిస్తుంది.

ఇంకో ఉదాహరణ మన సమస్యకు మరీ దగ్గరది. 1978 జులై మొదటి తేదీ రాత్రి న్యూయార్క్ టైమ్స్ పత్రిక లినోటైప్ యంత్రాల మీద, కరిగించిన సీసంతో ఆఖరి సంచికను కూర్చింది. మరునాటినుంచి కంప్యూటర్లు. ఆ రాత్రిని డేవిడ్ లోబ్ వైస్ చిత్రీకరించాడు. సినిమా పేరు ‘ఫేర్‌వెల్, ఎటావోయిన్ ష్రడ్లూ’. వీడ్కోలు అని మొదటి మాటలోనే ముగింపు చెప్పేశాడు. అయినా ఏం పాడవలేదు. మిగతా రెండు మాటలు మనిషి పేరా, ఊరి పేరా, ఏ భాష అని ఎవరికైనా సందేహం వస్తుంది. లినోటైప్ కీబోర్డులో ఎడమవైపు మొదటి రెండు నిలువు వరసల అక్షరాలు అవి. పంక్తి తప్పుపడితే దాన్ని తీసి పారేయడానికి గుర్తుగా కంపోజిటరు వేళ్లను ఆ రెండు వరసల మీదుగా జార్చి పంక్తి నింపేసేవాడు. ఒక్కోసారి అది పొరపాటున పేపర్లో అచ్చయిపోయేది. ఆ పనివాళ్ల వేళ్లకు తప్ప ఎవరికీ తెలియని మాటను పేరుగా పెట్టడంవల్ల, దాన్ని తెలుసుకోవాలంటే వాళ్ల పక్కన కూర్చుని ఆ పని చూడవలసి వస్తుంది. చావు చెప్పాడు, పని దాచాడు.

ఈ దారిలో ఆలోచించి మా మిత్రుడు పనిలోంచే పేర్లు తీశాడు. ‘పడుగు పేక’ అన్నది నేత మీద వచ్చిన ప్రతిదానికీ తగులుతుంది, దేనికీ ప్రత్యేకంగా అంటదు. ‘చింతపిక్కల గంజి’ నాకు చాలా నచ్చింది. వింతగా ఉంది, ఇంటి వాసన ఉంది, గంజికీ గొర్రెకూ ఏం సంబంధమని అడగాలనిపిస్తుంది. కానీ పదో నిమిషంలోనే ఆ సంబంధం తేలిపోతుంది. ఆ తర్వాత ముప్పై నిమిషాలు పేరుకు పనిలేదు. పేరు పని చేయవలసింది కథ తెగే చోటిదాకా.

‘మంద’ అన్నారొకరు. తెగిన చోటు అదే కాబట్టి మంచి పేరే. కానీ ఒంటరి మాట. ఎక్కడ వెతికినా వంద మందలు వస్తాయి, ఈ సినిమా దొరకదు. ‘మగ్గాన్ని ఎవరు ఆపారు?’ అన్నది ఇంకొక సలహా. ప్రశ్న మనిషిని లాగుతుంది, కాదనను. అయితే ఆ ప్రశ్న ఒక దోషి ఉన్నాడని ముందే ఒప్పుకుంటుంది. ప్రేక్షకుడు మొదటినుంచీ దోషిని వెతుకుతూ కూర్చుంటాడు. ముప్పై ఒకటో నిమిషంలో ఆ దోషి స్థానంలో పెద్దాయన ఇల్లు దొరుకుతుంది. అది అన్యాయం. ‘నెల్లూరు పొట్టేలు’ అన్నది అన్నిటికన్నా లాగే పేరు, అన్నిటికన్నా పాడు చేసే పేరు. గొర్రెల గురించి తెలిసిన ప్రేక్షకుడికి ఆ రెండు మాటలతోనే కథ అయిపోతుంది. పైగా ఇలాంటి సినిమా చూడవలసిన మొదటి ప్రేక్షకులు గొర్రెల గురించి తెలిసినవాళ్లే.

పేరు చివరికి సినిమాలోనే దొరికింది. తొమ్మిదో నిమిషంలో పెద్దాయన ఇంటి అవ్వ రాట్నం ముందు కూర్చుని ఊరికే పాత సంగతులు చెబుతూ ఉంటుంది. ఏది ఎప్పుడు జరిగిందో ఆమెకు సంవత్సరం అంకెల్లో గుర్తులేదు. ఏరు పొంగిన యాడాది, పెద్దోడు బడికి పోయిన యాడాది, అలా చెబుతుంది. ఆ వరసలోనే “పొట్టేలు కొన్న యాడాది” అని ఒక మాట వస్తుంది. అప్పుడు అందరూ దాన్ని చూడ్డానికి ఎలా వచ్చారో, దానికి పసుపు కుంకుమ ఎలా పెట్టారో సంబరంగా చెబుతుంది. వినేవాడికి అది ఒక ఇంటి ముచ్చట. సినిమా పేరు ‘పొట్టేలు కొన్న ఏడాది’ అయింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. కారణాన్ని దాచలేదు, అందరి కళ్లముందూ పెట్టింది. అది కారణమని మాత్రం చెప్పలేదు. పేరు చదివినవాడికి ఒక కథ మొదలవుతున్నట్టు అనిపిస్తుంది, ఏ పొట్టేలు, ఎవరు కొన్నారు, తర్వాత ఏమైంది అని. తొమ్మిదో నిమిషంలో అవ్వ మాట విన్నాక, ఓహో ఇదా అని తృప్తిపడి దాన్ని పక్కన పెట్టేస్తాడు. మగ్గం ఆగడానికి మిల్లే కారణమన్న తన జవాబు తనకు అలాగే ఉంటుంది, పేరు దాన్ని కదిలించదు, బలపరచదు. పీచు విచ్చుకున్న క్షణంలో పక్కన పెట్టిన పేరు తిరిగి వస్తుంది. ఎవరూ చెప్పకుండానే అతనే రెండింటినీ కలుపుకుంటాడు. ప్రేక్షకుడు తానే కలుపుకున్న ముడి ఎవరో కట్టి చేతికిచ్చినదానికన్నా గట్టిగా ఉంటుంది.

ఇంకొక గుణం కూడా ఉంది. ఆ పేరులో కొన్నవాళ్లు లేరు. ఏడాది ఒక్కటే ఉంది. నింద వేయడానికి మనిషి దొరకడు. అయినా ఇంటివాళ్లను అడగకుండా పెట్టకూడదని, పెద్దాయనకు సినిమా చూపించి పేరు చెప్పారు. ఆయన కాసేపు ఆగి, “దాన్లో తప్పేముంది నాయనా, ఆ యాడాది మాకు మంచిదే” అన్నాడట. ఆ మాట సినిమాలో లేదు. కానీ ఆ పేరు మోస్తున్న భారం అదే. అంతరించిన పనుల వెనక ఎప్పుడూ ఒక దుర్మార్గుడుండడు. బిడ్డలు బాగుపడాలని ఇంటివాళ్లే తీసుకున్న మంచి నిర్ణయం ఉండవచ్చు. ‘చివరి’ అన్న మాటకు ఈ సంగతి చెప్పే శక్తి లేదు.

పేరు కుదిరినా పని అయిపోలేదు. పేరు ఒంటరిగా ఎక్కడా కనబడదు. పక్కన ఒక బొమ్మ, కింద ఒకటి రెండు వాక్యాల పరిచయం ఉంటాయి. ఈ మూడింటికీ వేర్వేరు పనులు ఇవ్వాలి. పేరులో నేత లేదు కాబట్టి ఇది కంబళి గురించిన సినిమా అని బొమ్మ చెప్పాలి. గూటాల మధ్య బారుగా లాగిన నల్ల పడుగు, దానిమీద గంజి కుంచె. బొమ్మలో పొట్టేలు ఉండకూడదు. ఉంటే పేరూ బొమ్మా ఒకే మాట రెండుసార్లు చెప్పి అనుమానం పుట్టిస్తాయి. ప్రమాదమంతా పరిచయవాక్యంలో ఉంది. చిత్రోత్సవాల పుస్తకాల్లో ఆ వాక్యాలు రాసేవాళ్లు సినిమా సారాంశం చెప్పడం తమ ధర్మం అనుకుంటారు. ‘మాంసం కోసం గొర్రె జాతిని మార్చడంతో ఆగిపోయిన నేత’ అని ఒక్క వాక్యం పడితే, ఎంత జాగ్రత్తగా పెట్టిన పేరైనా వ్యర్థమే. అందుకే ఆ వాక్యాన్ని దర్శకుడే రాసివ్వాలి. అందులో మొదటి తొమ్మిది నిమిషాల్లో ఉన్నదానికి మించి ఏమీ ఉండకూడదు. థియేటర్లో బహిరంగంగా వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ మీద కూడా ఆ పేరే ఉంటుంది గనక ఇవన్నీ దరఖాస్తుకు ముందే తేలాలి.

పేరు నిలుస్తుందో లేదో చూడ్డానికి మా మిత్రుడు చేసిన పరీక్ష అందరికీ పనికొస్తుంది. సినిమా చూడనివాళ్లకు పేరూ బొమ్మా మాత్రం చూపి, ఇది దేని గురించి అనుకుంటున్నారు అని అడగాలి. చూసినవాళ్లను పిలిచి, ఈ పేరు దేని గురించి అని అడగాలి. రెండు జవాబులూ ఒకటే, అదీ పైపై విషయమే అయితే అది చీటీ మాత్రమే, పేరు కాదు. చూడనివాళ్లే చూసినవాళ్ల జవాబు చెప్పేస్తే కథ ముందే కారిపోయింది. చూసినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తే పేరు అందంగా ఉందేగాని సినిమాకు అంటలేదు. చూడకముందు ఒక ఇంటి ముచ్చట అన్నవాళ్లు, చూశాక కాసేపు మాట్లాడలేక, ఆనక వాళ్ల ఊరి మంద గురించి చెప్పడం మొదలుపెడితే ఆ పేరు ఉంచుకోవచ్చు.

మా కోయిలకుంట్ల చేలల్లో పంట కోతలయ్యాక పడమటినుంచి గొర్రెల మందలు దిగుతాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు వాటిని నల్లరేగడి మీద కట్టించుకుంటారు. ఆ మందలు తెల్లబడడం మేమంతా ఏటా చూస్తూనే ఉన్నాం. కంబళి కనిపించకపోవడం కూడా చూశాం. ఈ రెండూ ఒకటే సంగతి అని మాకు తోచలేదు. అంతరించిన పని మీద తీసే సినిమా ఆ రెండింటినీ కలపడానికే ఉంది. ఆ కలిపే పనిని పేరు ముందుగా చేసేయకూడదు, పూర్తిగా వదిలేయనూ కూడదు. కారణాన్ని కారణమని చెప్పకుండా ప్రేక్షకుడి చేతికిచ్చి లోపలికి పంపగలిగితే, ఆ పేరు తన వంతు చేసినట్టే.